“ఒప్పుకుంటున్నాను” అని రాసిచ్చే ముందు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో చిన్న దిగుమతిదారుల కోసం జరిగిన సమావేశంలో ఒక కస్టమ్స్ బ్రోకర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను ఇరవై ఏడేళ్లుగా మన పోర్టు దగ్గర కస్టమ్స్ బ్రోకర్ పని చేస్తున్నాను. మీలో కంటైనర్లు తెప్పించేవాళ్లు తక్కువ. విమానం మీద కొరియర్‌లో రెండు మూడు అట్టపెట్టెలు తెప్పించి, వాటితో వ్యాపారం నడుపుకునేవాళ్లే ఎక్కువ. అందుకని ఈ రోజు ఒక్క పార్సిల్ గురించే చెబుతాను. మొదటి నుంచి చివరి దాకా ఆ ఒక్క పార్సిలే.

ఆ పార్సిల్ మన గాజువాక ఆటోనగర్‌లో పంపుల విడిభాగాలు అమ్మే ఒకాయనది. అనుమతి ఇచ్చాడు కాబట్టి చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. భీమిలి తీరంలో రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి కదా, వాటి ఉప్పునీటి పంపులకి మెకానికల్ సీళ్లు ఈయనే ఇస్తాడు. చూడనివాళ్ల కోసం ఒకటి తెచ్చాను, ఇదుగోండి. పంపు షాఫ్టు చుట్టూ నీళ్లు కారకుండా ఆపేది ఇదే. ఈ నల్లటి రింగు కార్బన్, ఈ తెల్లటిది సిరామిక్. ఇవి రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. వెనక స్ప్రింగు, రబ్బరు తొడుగు. నీళ్లలో ఇసుక వస్తే ఈ ముఖం మీద గీతలు పడతాయి, పంపు కారడం మొదలవుతుంది. అందుకే హేచరీవాళ్లు చవక రకం తీసుకుని తరచూ మారుస్తూ ఉంటారు. ఈ చవక రకం అనే మాట గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని చుట్టూనే తిరిగింది.

చైనాలో ఒక తయారీదారు దగ్గర ఐదు వందల సీళ్లు కొన్నాడు. ఒక్కోటి రెండు డాలర్ల నలభై సెంట్లు. మొత్తం 1,200 డాలర్లు, బ్యాంకు ద్వారానే పంపాడు. కొరియర్ ఖర్చు 180 డాలర్లు. పార్సిల్ ఇక్కడికి రాలేదు, వేరే నగరంలోని కొరియర్ టెర్మినల్‌లో దిగింది. కస్టమ్స్ అక్కడే చూస్తుంది, ఇంటికి రావడం ఆ తరవాతే. మూడో రోజున కొరియర్ కంపెనీ నుంచి ఈయన ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. సారాంశం ఇదీ: మీరు చూపించిన విలువ తక్కువగా ఉంది, కస్టమ్స్ డేటా ప్రకారం ఒక్కోటి ఆరున్నర డాలర్లు, ఒప్పుకుంటున్నట్టు తిరుగు మెయిల్ ఇస్తే ఈ రోజే వదిలేస్తారు.

ఎంతమందికి వచ్చిందండీ ఇలాంటి సందేశం? చేతులెత్తండి. చూశారా, సగం మందికి వచ్చింది. ఎంతమంది ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చారు? అదే సగం మంది.

ముందు లెక్క చూద్దాం. ఈయన సొంత లెక్క ప్రకారం సరుకు 1,200 డాలర్లు, కొరియర్ 180, బీమా విడిగా చేయలేదు కాబట్టి నిబంధన ప్రకారం సరుకు విలువలో 1.125 శాతం, అంటే పదమూడున్నర డాలర్లు. మొత్తం 1,393.50. ఆ రోజు కస్టమ్స్ ప్రకటించిన మారకం రేటు డాలరుకి 84 రూపాయలు. రూపాయల్లో 1,17,054. దాని మీద బేసిక్ డ్యూటీ ఏడున్నర శాతం, ఆ డ్యూటీలో పదో వంతు సర్‌చార్జి, ఇవన్నీ కలిపిన దాని మీద 18 శాతం ఐజీఎస్టీ. మొత్తం సుమారు 32,465 రూపాయలు. అదే ఆరున్నర డాలర్ల మీద లెక్కేస్తే సుమారు 80,760. అంటే అదనంగా అడుగుతున్నది దాదాపు 48,300.

ఇక్కడే మనవాళ్లకి ఒక ఆలోచన వస్తుంది. ఈయనకీ వచ్చింది. ఆ నలభై ఎనిమిది వేలలో దాదాపు ముప్పై నాలుగు వేలు ఐజీఎస్టీ, అది క్రెడిట్ వచ్చేస్తుంది. నిజంగా చేతి నుంచి పోయేది బేసిక్ డ్యూటీ, సర్‌చార్జి మాత్రమే, పద్నాలుగు వేల చిల్లర. పార్సిల్ ఇంకో పది రోజులు అక్కడే ఉంటే టెర్మినల్ అద్దె పెరుగుతుంది, హేచరీవాళ్లు రోజూ ఫోన్ చేస్తారు. పద్నాలుగు వేలు కట్టి పారేద్దాం అన్నాడు నాతో. నేను అడిగాను, బాబూ, ఏడాదికి ఎన్ని పార్సిళ్లు తెప్పిస్తావు? ఆరు, అన్నాడు. మరి వచ్చే పార్సిల్‌కి ఏ ధర చూపిస్తావు?

అదండీ అసలు ప్రశ్న. కస్టమ్స్ అధికారి ముందు ఉండే డేటా ఎక్కడి నుంచి వస్తుంది? దేశమంతటా దిగుమతి సరుకుల మీద కస్టమ్స్‌కి దాఖలైన బిల్లులన్నీ చేరే ఒక డేటాబేస్ ఉంది, ఎన్‌ఐడీబీ అంటారు. మీరు ఒప్పుకుని కట్టిన ఆరున్నర డాలర్లు కూడా అందులోకే వెళ్తాయి. వచ్చేసారి మీ సరుకు మీద మీ అంకెనే చూపిస్తారు. మీరే ఒప్పుకున్నారు కదా అంటారు. అప్పుడేం చెబుతారు?

రెండోది ఇంకా ముఖ్యం. అధికారి విలువ మార్చి తిరిగి లెక్కగడితే, దిగుమతిదారు దాన్ని లిఖితంగా ఒప్పుకోకపోతే, పదిహేను రోజుల్లోపు కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్, ఐదో ఉపసెక్షన్. స్పీకింగ్ ఆర్డర్ అంటాం దాన్ని. ఒప్పుకుంటే? ఆ ఉత్తర్వు రాయనక్కర్లేదు. ఉత్తర్వు లేకపోతే, ఏ కారణం తప్పని పైకి వెళ్లి వాదిస్తారు? పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మీరు రాసిచ్చిన ఆ ఒక్క వాక్యంతో మీ దారి మీరే మూసేసుకున్నట్టు.

ఇంకో సంగతి. ఈ ఒప్పుకునే మెయిల్ మీరే ఇవ్వాలని లేదు. మీ తరఫున కాగితాలు దాఖలు చేసేది కొరియర్ కంపెనీ. వాళ్లకి రోజుకి వందల పార్సిళ్లు. మిమ్మల్ని అడగకుండానే ఒప్పుకుని, డ్యూటీ కట్టేసి, మీకు బిల్లు పంపిన సందర్భాలు నా కళ్లతో చూశాను. కాబట్టి మీ కేవైసీ కాగితాలు ఇచ్చే రోజే ఒక మెయిల్ పెట్టండి: విలువ పెంచుతామంటే నా లిఖిత అనుమతి లేకుండా ఒప్పుకోవద్దు, ప్రశ్న వస్తే నాకు పంపండి. రెండు వాక్యాలు చాలు.

సరే, మన ఆటోనగర్ ఆయన దగ్గరకి వద్దాం. ఆ రాత్రి మా ఆఫీసులో కూర్చుని ఒక పేజీ ఉత్తరం రాశాం. అందులో మూడే విషయాలు. ఒకటి, ప్రకటించిన విలువే నేను నిజంగా కట్టిన ధర, ఇవిగో కాగితాలు. రెండు, విలువ నిర్ణయ నిబంధనలు 2007లో 12వ నిబంధన ప్రకారం, నా విలువను ఎందుకు అనుమానిస్తున్నారో ఆ కారణాలు లిఖితంగా ఇవ్వండి, నా మాట వినే అవకాశం ఇవ్వండి. మూడు, పెంచిన విలువను నేను ఒప్పుకోవడం లేదు. రెండో విషయంలో గమనించండి, కారణాలు ఇవ్వాలంటే మనం అడగాలి. అడిగితే ఇవ్వాల్సిందే, నిబంధనలో అలాగే ఉంది. అడగకపోతే అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటారు.

కాగితాల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే కేసు నిలబడేది, పడేది. ఇన్వాయిస్ ఒక్కటే పెడితే లాభం లేదు, అనుమానం ఉన్నదే దాని మీద. మేం పెట్టినవి: కొనుగోలు ఆర్డరు, అమ్మకందారు ఇచ్చిన ప్రొఫార్మా, బేరం ఆడిన మెయిళ్లు తేదీలతో సహా, బ్యాంకు డబ్బు పంపిన స్విఫ్ట్ కాపీ, అంతకు ముందు ఇదే సరుకు ఇదే ధరకి క్లియర్ అయిన రెండు బిల్లులు, తయారీదారు కేటలాగులో ఈ సీలు ఉన్న పేజీ. బేరం మెయిళ్లు చాలా పనికొచ్చాయండి. మొదట 2.90 అన్నారు, ఈయన ఐదు వందలు తీసుకుంటానంటే 2.40కి దిగారు. ధర ఎలా ఏర్పడిందో అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

నాలుగు రోజుల తరవాత కారణాలు వచ్చాయి. డేటాబేస్‌లో రెండు దిగుమతులు. 25 మిల్లీమీటర్ల మెకానికల్ సీలు, చైనా సరుకే, ఒకటి 6.50 డాలర్లు, ఒకటి 7.10. అంతే. ఆ రెండు వరసలూ జాగ్రత్తగా చదివితే ఏముంది? 6.50ది సిలికాన్ కార్బైడ్ ముఖాలు, వైటాన్ రబ్బరు, ఇరవై సీళ్లు. 7.10ది కూడా సిలికాన్ కార్బైడే, పేరున్న బ్రాండు, నలభై సీళ్లు. మనవి కార్బన్, సిరామిక్, మామూలు నైట్రైల్ రబ్బరు, బ్రాండు లేదు, ఐదు వందలు. సిలికాన్ కార్బైడ్ ఇసుకని తట్టుకుంటుంది, వైటాన్ వేడినీ రసాయనాల్నీ తట్టుకుంటుంది. వాటి ధర వేరు, కొనేవాళ్లు వేరు. రెండిటి కొలతా 25 మిల్లీమీటర్లే, నిజమే. కొలత ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి అయిపోతుందా?

నిబంధనలు ఏమంటాయంటే, పోల్చేటప్పుడు సరుకు అదే అయ్యుండాలి, లేదా దాని బదులు వాడుకోగలిగేంత దగ్గరిదై ఉండాలి, నాణ్యత, పేరు కూడా చూడాలి. దిగుమతి సమయం దగ్గరలో ఉండాలి, వ్యాపార స్థాయి, పరిమాణం పోలి ఉండాలి. తేడా ఉంటే ఆ మేరకు సర్దుబాటు చేయాలి. ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. పోల్చదగిన ధరలు ఒకటి కంటే ఎక్కువ దొరికితే, వాటిలో అతి తక్కువ దాన్నే తీసుకోవాలి. ఈయన పాత బిల్లులు రెండూ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి, 2.40కే. వాటిని ఎందుకు వదిలేశారని అడిగాం.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మొదటి తప్పు మనదే. ఇన్వాయిస్‌లో ఏమని రాశారు? “మెకానికల్ సీల్, 25 ఎంఎం.” అంతే. ముఖం ఏ పదార్థమో లేదు, రబ్బరు ఏదో లేదు, బ్రాండు ఉందో లేదో లేదు. బ్రాండు, గ్రేడు లాంటి ధరని మార్చే వివరాలు చెప్పకపోవడం కూడా అనుమానానికి ఒక కారణమని 12వ నిబంధనలోనే రాసి ఉంది. అధికారి స్థానంలో కూర్చుని చూడండి. పెట్టె తెరిచి ప్రతి సీలునీ గీకి చూడలేడు. ఎదురుగా స్క్రీన్ మీద ఒకే పేరు, మూడు రెట్ల తేడా. నిజంగానే విలువ తగ్గించి చూపేవాళ్లు ఉన్నారు, వాళ్లని పట్టుకోవడమే ఆయన పని. ఆయన అనుమానించడం తప్పని నేను అనను. అనుమానం వచ్చిన తరవాత ఏం చేయాలన్నదే చట్టం చెబుతున్నది. 12వ నిబంధన విలువని కాదనడానికి ఒక పద్ధతి మాత్రమే. కాదన్నాక కొత్త విలువని మిగతా నిబంధనల ప్రకారం, వరస తప్పకుండా కట్టాలి. కాదన్న మరుక్షణం స్క్రీన్ మీది అంకె వచ్చి కూర్చోవడానికి లేదు.

2019లో సుప్రీంకోర్టు సెంచురీ మెటల్ రీసైక్లింగ్ కేసులో ఈ మాటే స్పష్టంగా చెప్పింది. అది అల్యూమినియం తుక్కు కేసు. అనుమానం అధికారి ఊహ మీద కాదు, కారణాల మీద నిలబడాలి, ఆ కారణాలు దిగుమతిదారుకి తెలియాలి. అంతకు ముందు 2000లో ఐషర్ ట్రాక్టర్స్ కేసు ఉంది. పాత నిల్వ బేరింగులు 77 శాతం తగ్గింపుకి కొన్నారు. అంత తగ్గింపా అని విలువ పెంచారు. తగ్గింపు పెద్దదైనంత మాత్రాన కట్టిన ధర అబద్ధం కాదంది కోర్టు. ఈ రెండు పేర్లూ మీ ఉత్తరంలో ఉండాలి.

ఇంతలో పార్సిల్ అక్కడే ఉంది, హేచరీల సీజను. ఏం చేయాలి? బాండు, హామీ ఇచ్చి తాత్కాలిక లెక్క మీద విడిపించుకునే దారి 18వ సెక్షన్‌లో ఉంది. ఒక్క చిన్న పార్సిల్‌కి ఆ కాగితాల పని ఎక్కువ అనిపించింది. ఈయన రెండో దారి పట్టాడు. పెంచిన డ్యూటీ మొత్తం కట్టి, నిరసన తెలుపుతూ కడుతున్నాను, స్పీకింగ్ ఆర్డర్ కావాలి అని అదే రోజు లిఖితంగా ఇచ్చాడు. కట్టాడు కానీ ఒప్పుకోలేదు. తేడా అర్థమైంది కదా? సీళ్లు రెండు రోజుల్లో గాజువాక చేరాయి.

విచారణ వీడియోలో జరిగింది, పదిహేను నిమిషాలు. ఈయన కెమెరా ముందు రెండు సీళ్లు పట్టుకుని చూపించాడు, ఒకటి తనది, ఒకటి సిలికాన్ కార్బైడ్‌ది. ఉత్తర్వు మాత్రం వ్యతిరేకంగానే వచ్చింది. ఆరున్నరే ఖాయం చేశారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఇంత చేసీ పోయింది కదా మాస్టారూ అన్నాడు. పోలేదు బాబూ, ఇప్పుడే చేతికి ఒక కాగితం వచ్చింది అన్నాను. ఆ ఉత్తర్వులో పదార్థం తేడా గురించి ఒక్క వాక్యం లేదు. పాత బిల్లుల గురించి ఒక్క వాక్యం లేదు. అప్పీలు అంతా ఆ రెండు ఖాళీల మీదే రాశాం.

అప్పీలు కమిషనర్ (అప్పీల్స్) దగ్గర, ఉత్తర్వు అందిన రోజు నుంచి అరవై రోజుల్లోపు వేయాలి. తగిన కారణం ఉంటే ఇంకో ముప్పై రోజులు. ఆ పైన ఒక్క రోజు దాటినా ఆయనకి తీసుకునే అధికారం లేదు. అందుకే ఉత్తర్వు అందిన తేదీ కవరు మీద రాసి, ఆ కవరు దాచండి. మెయిల్‌లో వస్తే ఆ మెయిల్ దాచండి. అప్పీలుకి వివాదంలో ఉన్న డ్యూటీలో ఏడున్నర శాతం ముందుగా కట్టాలి, ఈయన మొత్తం కట్టేశాడు కాబట్టి వేరే కట్టనక్కర్లేదు. పార్సిల్ ఏ ఊళ్లో క్లియర్ అయిందో ఆ పరిధిలోని కమిషనర్ దగ్గరే అప్పీలు, మనం విశాఖలో ఉన్నామని ఇక్కడ వేయకూడదు.

కొంతమంది అంటారు, అప్పీలు ఎందుకు, నేరుగా రిఫండు అడుగుదాం అని. వద్దండి. ఐటీసీ కేసులో 2019లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది, లెక్కగట్టిన ఉత్తర్వు మారకుండా రిఫండు రాదు. ముందు ఉత్తర్వు మార్పించుకోవాలి, తరవాతే డబ్బు.

అప్పీలు గెలిచాం. పోల్చిన సరుకు వేరని, పరిమాణం వేరని, దిగుమతిదారు కాగితాలు అబద్ధమని ఎక్కడా తేలలేదని రాసి, 2.40నే నిలబెట్టారు. రిఫండుకి వెళ్తే ఇంకో ప్రశ్న ఎదురైంది. ఈ అదనపు డ్యూటీని సీళ్ల ధరలో కలిపి హేచరీల దగ్గర వసూలు చేసుకోలేదని రుజువేమిటి? వసూలు చేసుకుని ఉంటే డబ్బు ఈయనకి రాదు, వినియోగదారుల సంక్షేమ నిధికి పోతుంది. ఇది ముందే తెలుసు కాబట్టి, కట్టిన రోజే ఆ పద్నాలుగు వేలనీ ఖర్చు కింద రాయకుండా, కస్టమ్స్ నుంచి రావలసిన బాకీగా పుస్తకాల్లో రాయించాను. అమ్మకం బిల్లుల్లో ధర ముందూ వెనకా ఒకటే. ఆడిటరు సర్టిఫికెట్, బ్యాలెన్స్ షీటు పెట్టాం. వచ్చింది. ఐజీఎస్టీ భాగం క్రెడిట్‌గా అప్పటికే వాడుకున్నాడు కాబట్టి అది అడగలేదు, అడగకూడదు కూడా. ఒకే డబ్బు రెండుసార్లు తీసుకున్నట్టవుతుంది.

ఇదంతా ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మీ అమ్మకందారు, మీకు మేలు చేస్తున్నాననుకుని, కొరియర్ రసీదు మీద 1,200కి బదులు 300 డాలర్లు రాసి పంపుతాడు. చైనా నుంచి తెప్పించేవాళ్లలో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. అప్పుడు మీ స్విఫ్ట్ కాపీయే మీకు ఎదురు సాక్ష్యం. సరుకు జప్తు చేయొచ్చు, జరిమానా వేయొచ్చు, కావాలని చేశారని తేలితే ఎగ్గొట్టిన డ్యూటీకి సమానంగా జరిమానా పడొచ్చు. మామూలుగా రెండేళ్లలోపు పంపాల్సిన డిమాండు నోటీసుని ఐదేళ్ల దాకా పంపొచ్చు. అలాంటి పార్సిల్ వస్తోందని తెలిస్తే, బిల్లు దాఖలయ్యే ముందే కొరియర్‌కి అసలు ఇన్వాయిస్ పంపి సరిచేయించండి. పోరాటం అనే మాట అక్కడ ఎత్తకండి.

ఆ తరవాతి పార్సిల్ సంగతి చెప్పి ముగిస్తాను. ఈసారి ఇన్వాయిస్ ఈయనే దగ్గరుండి రాయించాడు: “మెకానికల్ సీల్, 25 ఎంఎం, కార్బన్–సిరామిక్ ముఖాలు, ఎన్‌బీఆర్ రబ్బరు, ఎస్‌ఎస్ 304 స్ప్రింగు, బ్రాండు లేదు, 500.” తయారీదారు చేత ప్రతి పెట్టె మీదా అవే వివరాలు అంటింపించాడు. అప్పీలు ఉత్తర్వు కాపీ, కేటలాగు పేజీ కొరియర్‌కి ముందే పంపాడు. అక్కడి నుంచి ఒక ప్రశ్న వచ్చింది, ముఖం పదార్థం ఏమిటి అని. ఆ రోజే జవాబిచ్చాడు. మర్నాడు 2.40 మీదే పార్సిల్ కదిలింది. మీలో ఎవరి దగ్గరైనా ఇప్పుడు తెగని ప్రశ్న ఉంటే, ఆ మెయిల్, ఇన్వాయిస్ పట్టుకుని ఈ బల్ల దగ్గరకి రండి, ముందు తేదీ చూద్దాం.